పాలపొడి డ్రమ్ములో నాట్లు

ఆ వారమంతా నేను కుదురుగా కూర్చుని అన్నం తిన్న గుర్తు లేదు. కారణం ఒక్క మాట. ఆ మాట రాసింది కూడా నేనే.

బందరులో ఒక మిషన్ బాలికల స్కూల్లో మూడో ఫారానికి, అంటే ఎనిమిదో తరగతికి, క్లాసు టీచరుని అప్పుడు. తల్లిదండ్రుల రోజు దగ్గరపడుతుంటే గేటు పక్కనున్న నల్లబల్ల మీద రంగు సుద్దలతో ఇలా రాశాను: 'మూడో ఫారం బాలికలు బొమ్మలకు ప్రాణం పోస్తారు. అందరూ రండి.' రాసి, రెండడుగులు వెనక్కి వేసి, నా దస్తూరీ నేనే చూసుకుని మురిసిపోయాను. శనివారం కోడూరు నుంచి, హాస్టల్లో ఉన్న చెల్లిని చూడటానికి వచ్చిన నాన్న ఆ బల్ల ముందు ఆగిపోయాడు.

నాన్న మా ఊరి క్రైస్తవుల గుడిలో ఉపదేశి. వారం వారం వాక్యం చెప్పేది, పెళ్ళికీ చావుకీ ముందు నిలబడేది ఆయనే. సినిమా హాలు గడప తొక్కలేదు. టెంటు సినిమా మా ఊరికి వచ్చినన్నాళ్ళూ సరిగ్గా మొదటి ఆట వేళకే ప్రార్థన కూటం పెట్టేవాడు. ఆయనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో పాపమనే అర్థమున్న 'సిన్' ఒకటి. అది సినిమా పేరులోనే ఉందని చెప్పి, నవ్వకుండా మా అందరి మొహాలూ చూసేవాడు.

"ప్రాణం పోసేవాడు ఒక్కడే కదమ్మా. మధ్యలో మీరెవరు?" అన్నాడు.

"మాటవరసకి రాశాను నాన్నా."

"మాటవరసకి ఆయన పని మీరు చేస్తారా? ఇది సినిమా లాంటిదంట కదా. చెల్లి చెప్పింది."

చెల్లి నా వెనక నిలబడి జడ చివర కొరుకుతోంది. సంతోషం పట్టలేక చెప్పేసి ఉంటుంది. దాన్ని ఏమనడానికీ మనసు రాలేదు.

"ఆ రోజు నేనూ వస్తాను. చూస్తాను. చెల్లి పెట్టె మాత్రం సర్ది ఉంచు," అని నాన్న బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు.

పెట్టె సర్దడమంటే ఏమిటో నాకు తెలుసు. మా ఊళ్ళో ఏడో తరగతి దాటితే ఆడపిల్లకి బడి లేదు. చెల్లిని హాస్టల్లో వెయ్యడానికి నేను ఏడాదిపాటు నాన్న వెంటపడ్డాను. బడి తెరిచిన చాలా రోజులకి గానీ ఆయన మెత్తబడలేదు. ఒకసారి ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ పంపడు. కోపగించుకోడు, అరవడు, అంతే, పంపడు. అరిచేవాళ్ళతో వాదించవచ్చు గానీ ఇలాంటివాళ్ళతో ఏం చేస్తాం?

ఇంతకీ మేము చేసింది సినిమా కాదు. నేను గుడివాడలో చదువుకునే రోజుల్లో లెక్కల పుస్తకం మూలల్లో పేజీకొక పిట్టని గీసి, పేజీలు గబగబా వదిలి దాన్ని ఎగరేసేదాన్ని. ఆ పిచ్చే టీచరునయ్యాక కాస్త పెద్దదయింది. హాస్టలు పిల్లలకి పాలపొడి వచ్చే గుండ్రటి అట్ట డ్రమ్ములు వంటింటి వెనక పడి ఉండేవి. ఒకదాన్ని మూరెడు ఎత్తు ఉంచి కోయించాను. పాత సైకిలు ముందు చక్రం బొడ్డు తీసుకుని, దాన్ని చెక్కపీటకి నిలువుగా బిగించి, దాని మీద డ్రమ్ము కూర్చోబెడితే చేత్తో తడితే చాలు, గిర్రున తిరిగేది. లోపలా బయటా దీపపు మసిని జిగురులో కలిపి పూశాం. పైఅంచుకి దిగువన సమాన దూరంలో పన్నెండు నిలువు సందులు కోశాం, పెన్సిలంత సన్నగా. సందు వెడల్పయితే బొమ్మ అలుక్కుపోతుంది, మరీ సన్నమైతే చీకటి. ఈ సంగతి తెలియడానికి రెండు డ్రమ్ములు పాడయ్యాయి.

సందుల కింద, లోపలి గోడకి చుట్టూ అట్టలు. అట్టకొక బొమ్మ, పిల్లకొక అట్ట. ఏం గీయాలా అని చాలా ఆలోచించాం. డ్రమ్ము తిరిగి తిరిగి మళ్ళీ మొదటి బొమ్మకే వస్తుంది కాబట్టి, చేసిందే మళ్ళీ చేసే పని కావాలి. వరినాటు అని ఎవరో అన్నారు, అందరం ఒప్పుకున్నాం. వంగిన మనిషి. కుడిచేతి వేళ్ళలో నారు. చెయ్యి దిగుతుంది, బురదలో గుచ్చుతుంది, లేస్తుంది, ఎడంచేతి కట్టలోంచి ఇంకో నాలుగు పరకలు తీస్తుంది. ముందు పిల్ల బొమ్మని కిటికీ అద్దానికి ఆనించి, దాని మీద తన అట్టకి తగిన పల్చటి కాగితం పెట్టి, చెయ్యి ఒక్కటే రవ్వంత జరిపి, మిగతాదంతా ఉన్నదున్నట్టు దించుకుని అట్టకి అంటించాలి. పెడన నుంచి వచ్చే పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళ నాన్న బట్టల మీద అచ్చులు వేస్తాడు. ఆయన చిన్న చెక్క అచ్చు చెక్కి పంపాడు: పొలం నీళ్ళ గీత ఒకటి, కాగితం మూలలకి గుర్తుగా రెండు చుక్కలు. అన్ని కాగితాల మీదా ముందు అది అద్దేశాం. అది లేనప్పుడు పొలమంతా భూకంపం వచ్చినట్టు వణికేది. అది వచ్చాక నేల నిలబడింది. ఇంకో సంగతి, సందులోంచి చూస్తే బొమ్మ బక్కచిక్కినట్టు కనిపిస్తుంది, అందుకని మనిషిని కాస్త లావుగా గీయాలి. పన్నెండు మంది పిల్లలు, పన్నెండు సందులు, పన్నెండు బొమ్మలు. లావుపాటి మనిషి నిలబడ్డ చోటే నిలబడి చక్కగా నాటేది. పక్క అట్టల్లోంచి ఆవిడకి ముందొకరూ వెనకొకరూ కూడా వరసలో కూలీల్లా కనిపించేవారు.

అప్పుడు మా చెల్లి వచ్చి చేరింది, పదమూడోది. దానికి అట్ట లేదంటే ఎలా? వేళ్ళ నుంచి నీళ్ళు కారుతూ చెయ్యి పైకి లేచే బొమ్మ ఒకటి గీసింది. పన్నెండో బొమ్మకీ మొదటి బొమ్మకీ మధ్యన పెట్టడానికి అట్టలన్నీ అంచులు కత్తిరించి, చుట్టుకొలత మళ్ళీ పదమూడు భాగాలు చేసి, గుండుసూదులు గుచ్చాం. తిప్పితే ఏముంది, నిలబడ్డ చోటే ఉండే మనిషి మెల్లగా నడవడం మొదలుపెట్టింది. సందులు పన్నెండు, బొమ్మలు పదమూడు. ఒక సందు పోయి ఇంకో సందు వచ్చేసరికి తర్వాతి బొమ్మ పాత బొమ్మ ఉన్న చోటు దాటి రవ్వంత ముందుకు వచ్చేసి ఉంటుంది. ఆ రవ్వంతే నడక. మేం గంతులు వేశాం. ఇంతలో గంట కొట్టారు. నాన్న వచ్చి నల్లబల్ల చూసింది ఆ మర్నాడే.

ఇక నా తిప్పలు మొదలయ్యాయి. హెడ్మిస్ట్రెస్ గారు పిలిచి, "ఆ నల్లబల్ల మీది మాట గురించి ఇద్దరు ముగ్గురు పెద్దలు నాతోనూ అన్నారు టీచర్. ముందు మీరు నాలుగు మాటలు చెప్పండి. ఎవరి మనసూ నొచ్చుకోకూడదు. నొచ్చుకునేలా ఉంటే దాన్ని స్టోరు గదిలోనే ఉంచేద్దాం," అన్నారు.

నాలుగు మాటలు. ఒక్క మాట దొరికితే గదా నాలుగు. ప్రాణం అనకూడదు. బొమ్మ అందామా అంటే, 'మొదటి బొమ్మకెళ్దామా' అంటే ఊరందరికీ సినిమా అనే అర్థం. పైగా బొమ్మ అంటే విగ్రహం. చిత్రం అంటే మళ్ళీ సినిమానే. పటం అంటే గోడకి తగిలించి దణ్ణం పెట్టేది. ఆట అంటే హాల్లో రోజుకి మూడు. గీత అందామని సంబరపడి, అంతలోనే భగవద్గీత గుర్తొచ్చి, మా నాన్న మొహం తలుచుకుని అదీ కొట్టేశాను. తెలుగులో ఏ మాట ముట్టుకున్నా అప్పటికే ఎవరో ఒకరు కాపురం ఉంటున్నారు. క్లాసులో తిరుగుతూ, హాస్టలు మెట్ల మీద తిరుగుతూ, మాటలు గొణుక్కుంటూ ఉంటే వంటామె నాకు జ్వరమేమోనని చెయ్యి పట్టుకు చూసింది. రాత్రి పడుకుంటే కాళ్ళు ఒక చోట నిలవవు. చెల్లి పెట్టె మాత్రం సర్దలేదు. దాని వైపు చూసినప్పుడల్లా ఒళ్ళు మండేది.

ఆ రోజు రానే వచ్చింది. డ్రమ్ముకి పైనుంచి వెలుతురు కావాలి కాబట్టి పడమటి వరండాలో పెట్టాం, ఎండ లోపలికి పడేటట్టు. ఎదురుగా బల్లలు. నాన్న రెండో వరసలో ఇస్త్రీ కండువాతో కూర్చున్నాడు. పక్కనే బెంచీ మీద చేంతాడు చుట్ట. పెట్టె కట్టడానికి తెచ్చుకున్నాడన్న మాట. అది చూడగానే నేను బట్టీ పట్టిన మొదటి వాక్యం ఎగిరిపోయింది.

"అందరికీ నమస్కారమండీ," అన్నాను. "ముందుగా ఒక మాట. గేటు దగ్గర నేను రాసిన మాట తప్పు. అది చెరిపేశాను. మా పిల్లలు దేనికీ ప్రాణం పొయ్యలేదు. ఈ అట్టలు చూడండి. ఒక్కొక్కటీ మీ చేతికిస్తాను. వీటిలో ఏదీ కదలదు. ఇప్పుడు కదలదు, డ్రమ్ములో పెట్టినా కదలదు, ఎంత తిప్పినా కదలదు."

పిల్లలు తలొక అట్టా తీసి తల్లుల చేతికిచ్చారు. "ఇంత లావుందేంటమ్మా ఈవిడ," అని ఎవరో అన్నారు. కొంచెం నవ్వు. నాకు కాస్త ఊపిరి అందింది.

"లావు సంగతి తర్వాత చెప్తానండి. మనం కళ్ళార్పుతుంటాం కదా. ఆర్పినప్పుడల్లా లోకం చీకటైపోయినట్టు మనకి తెలియదు. ముందు చూసింది కంట్లో ఇంకా కొంచెంసేపు నిలబడి ఉంటుంది. కొరివి పట్టుకుని గుండ్రంగా తిప్పితే నిప్పు చక్రం కనిపిస్తుంది. చక్రం లేదు, ఉన్నది ఒక్క కొరివే. ఇదీ అంతే. ఈ సందు మీ కంటి ముందుకి వచ్చినప్పుడు ఒక అట్ట కనిపిస్తుంది. సందు పోతుంది, నల్లగోడ అడ్డం వస్తుంది. ఆ అడ్డం ఉన్న వేళలో అట్ట మారిపోతుంది. ఇంకో సందు వస్తుంది, చెయ్యి రవ్వంత కిందకి దిగిన అట్ట కనిపిస్తుంది. మధ్యలో నలుపు లేకపోతే ఇదంతా ఉండదు. డ్రమ్ము అంచు మీదుగా చూడండి, వట్టి చారలు. సందులోంచి చూడండి, మనిషి. ఆ రెండు అట్టల్నీ కలిపేది డ్రమ్ము కాదు, మేమూ కాదు. మీ కన్నే."

కూర్చోబోతున్నాను. నాన్న లేచాడు.

"ఒక మాట అడగొచ్చా అండీ, టీచరుగారూ?"

పుట్టి బుద్ధెరిగాక నాన్న నన్ను అండీ అనడం అదే మొదటిసారి. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నా తండ్రి అని అక్కడ చాలామందికి తెలియదు.

"కదలనిదాన్ని కదిలినట్టు చూపిస్తే, అది అబద్ధం కాదాండీ?"

వారం రోజుల తిరుగుడంతా నాలో ఒక్కసారి పైకి వచ్చింది. హెడ్మిస్ట్రెస్ గారు కళ్ళతోనే వద్దంటున్నారు. "దాచిపెట్టి చూపిస్తే అబద్ధమండి," అన్నాను, కాస్త గట్టిగానే. "నేను అట్టలు మీ చేతికిచ్చాను. ఎలా జరుగుతుందో ముందే చెప్పాను. అన్నీ చెప్పి చూపిస్తే దాన్నేమంటారో నాకు తెలియదండి. వారం నుంచి వెతుకుతున్నాను, మాట దొరకలేదు. తమరే చూసి పేరు పెట్టండి."

పిల్లలు అట్టలు తెచ్చి మళ్ళీ సూదులు గుచ్చారు. నాన్న కండువా సర్దుకుని డ్రమ్ము దగ్గరకి వచ్చాడు. వంగి, ఒక కన్ను మూసి, సందుకి ఎదురుగా మొహం పెట్టాడు. పెడన పిల్ల డ్రమ్ముని తట్టింది.

నేను ఆయన మొహమే చూస్తున్నాను. మొదట ఏమీ లేదు. తర్వాత మూసిన కన్ను తెరుచుకుంది. ఆ తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి. అయిపోయింది, పెట్టె సర్దాలి అనుకున్నాను.

"ఇదేంటమ్మా," అన్నాడు నాన్న. టీచరుగారు పోయింది, అండీ పోయింది. "ఈవిడ ముందుకు నడుస్తోందేంటి?"

"నడుస్తుంది నాన్నా," అంది పక్కనుంచి చెల్లి గర్వంగా. "నా అట్ట పెట్టాకే నడక వచ్చింది."

"నాట్లేసేవాళ్ళు ముందుకు నడవరే. వెనక్కి నడుస్తారు. ముందుకెళ్తే నాటింది తొక్కెయ్యరూ? అదిగో, ముందు మనిషి నాటి వెళ్ళిందా, వెనక మనిషి వచ్చి దాని మీదే నిలబడింది. ఎవరు గీశారిది?"

ఉపదేశి కూతుర్ని, ఎనిమిదో ఏట హాస్టల్లో పడ్డదాన్ని, మడిలో దిగి ఎరగను. మాటల కోసం వారం వెతికాను గానీ మనిషి ఎటు నడుస్తోందో చూడలేదు. చెల్లి నాలిక కరుచుకుంది. ఊళ్ళో పెరిగిన దానికి నాట్లు తెలిసినవే, కానీ నడక వచ్చిందన్న సంబరంలో అదీ గమనించలేదు.

ఇంతలో తల్లులు లేచి వచ్చేశారు. ఒకరి భుజం మీంచి ఒకరు చూస్తున్నారు. "నిజమే కదమ్మా, ఇలా నాటితే ఆసామి ఊరుకుంటాడా?" అని ఒకామె. "దాన్ని ఇటు తిప్పండి, వెనక్కి నడుస్తుంది," అని ఇంకొకామె తనే చెయ్యేసి ఎదురు తిప్పింది. మనిషి వెనక్కి నడిచింది, నిజమే. కానీ ఇప్పుడు నాటినదాన్ని పీకి కట్టలో పెట్టుకుంటోంది. "నాటు కాస్తా నారుతీత అయింది," అన్నారెవరో, వరండా అంతా నవ్వు.

నాన్న నవ్వలేదు. "తప్పుగా ఉంచకండి," అన్నాడు. "చూసేవాళ్ళు ఇదే నిజమనుకుంటారు."

అబద్ధం గురించి ఇందాక అడిగిన మనిషి ఈయనే. ఇప్పుడు డ్రమ్ము లోపల బురదలో దిగి నిలబడ్డాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ ఆపుకుని ఆలోచించాను. ఒకవైపు తిప్పితే పని సరి, నడక తప్పు. రెండోవైపు తిప్పితే నడక సరి, పని తప్పు. తిప్పడం మార్చకుండా పని ఒక్కటీ తిరగబడాలంటే అట్టల వరస తిరగబడాలి.

"పిల్లలూ, ఎవరి అట్ట వాళ్ళు తీసుకోండి. వరసగా నిలబడండి," అన్నాను.

పదమూడు మందీ గోడ వెంట నిలబడ్డారు. "ఇటు చివరినుంచి పెట్టాం కదా. ఇప్పుడు అటు చివరినుంచి పెడదాం."

తొందరలో సూదులు సరిగా దిగడం లేదు. ఎండ వరండా అంచు దాకా వాలింది, ఇంకాస్త ఆలస్యమైతే డ్రమ్ములో వెలుతురు చాలదు. తల్లుల్లో ఒకామె సూదులు పళ్ళ మధ్య పట్టుకుని ఒక్కొక్కటే అందిస్తోంది. ఎవరి అట్ట ఎక్కడికి పోయినా, చెల్లిది మాత్రం మళ్ళీ పన్నెండుకీ ఒకటికీ మధ్యనే వచ్చింది. ఆఖరి సూది నాన్న గుచ్చాడు. నేను అడగలేదు.

ఎదురు తిప్పాం. నాన్నే ముందు వంగాడు.

చాలాసేపు లేవలేదు. డ్రమ్ము నెమ్మదించినప్పుడల్లా తనే వేలితో తట్టాడు. "ఇప్పుడు సరిపోయింది," అన్నాడు చివరికి, ఎవరితో అన్నట్టూ కాదు. "మా అమ్మ ఇలాగే నడిచేది. గట్టు మీద నన్ను కూర్చోబెట్టి, నాకేసి మొహం పెట్టి, వెనక్కి వెనక్కి వెళ్ళిపోయేది. ఎక్కడి దాకా పోతుందోనని ఏడ్చేవాణ్ణి."

ఆ మాట నాన్న అంతకుముందెప్పుడూ చెప్పలేదు. నానమ్మ కూలి నాట్లకి వెళ్ళేదని తెలుసు గానీ, గట్టు మీద ఏడ్చే పిల్లవాడి సంగతి నాకు తెలియదు. అటు తిరిగి పిల్లల్ని అనవసరంగా కసిరాను.

తర్వాత అందరూ చూశారు. ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ వరసలో నిలబడ్డారు. పేరు ఎవరూ పెట్టలేదు. 'నాట్లు చూశారా?' అని ఒకరినొకరు అడుక్కున్నారు, అంతే. నేను వారం రోజులు వెతికిన మాట అదే కాబోలు.

ఎండ పోయాక డ్రమ్ము ఆగింది. చెల్లి నా చెయ్యి పట్టుకుని నిలబడింది. నాన్న బెంచీ మీది చేంతాడు తీసుకుని మా దగ్గరకి వచ్చాడు.

"ఆ మడి ఎప్పటికవుతుందే?" అని అడిగాడు చెల్లిని.

"అవదు నాన్నా," అంది అది భయంభయంగా. "నా అట్ట తర్వాత మళ్ళీ మొదటి అట్టే వస్తుంది. ఎంత తిప్పినా నాటుతూనే ఉంటుంది."

నాన్న డ్రమ్ము వైపు చూశాడు. చేంతాడు నా చేతిలో పెట్టి, కండువా భుజాన వేసుకున్నాడు.

"సరేలే. ఆ నాటు అయ్యాకే వచ్చి తీసుకెళ్తాను," అని బస్సుకి బయల్దేరాడు.